పారెటో గీత 104 దాకా ఎక్కి 100కు దిగుతోంది, ఎందుకు?

ఆండర్సన్ వీధి గుమస్తా · సోమవారం, ఉదయం 10:40

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. చెన్నైలో పారిస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో ఒక కాగితం, స్టేషనరీ హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు చూస్తున్నాను. మా దగ్గర 640 రకాల సరుకులున్నాయి. ఏ సరుకులు ఎక్కువ డబ్బు తెస్తున్నాయో ప్రతి సోమవారం కాగితం మీద చూపించమన్నారు మా యజమాని. ఆయన కాఫీ తాగి గ్లాసు కింద పెట్టేలోపు అది బల్ల మీద ఉండాలి.

నేను చేసేది ఇది. గడిచిన వారం అమ్మకాలను, వాపసులకు ఇచ్చిన క్రెడిట్ నోట్లను టాలీ నుంచి ఎక్సెల్‌లోకి దించుతాను. సరుకువారీగా అమ్మకంలోంచి వాపసు తీసేసి, పెద్ద మొత్తం పైన వచ్చేలా పేరుస్తాను. పక్క గడిలో పై నుంచి కూడుతూ వచ్చిన శాతం, అదే పారెటో గీత, ఇలా వేస్తాను:

```
=SUM(C$2:C2)/SUM(C$2:C$641)
```

80 శాతం దగ్గర గీత గీసి, పైనున్నవాటిని 'ఎ' జాబితా అంటాను. గోడౌనులో ఆ జాబితా అంటిస్తారు, కొనుగోళ్లు దాన్ని బట్టే జరుగుతాయి.

రెండు తంటాలు వచ్చాయి. ఒకటి, జులైలో ఈ శాతం 104.2 దాకా పోయి, తరువాత మెల్లగా దిగి 100 దగ్గర ఆగుతోంది. వందను దాటే శాతం ఏమిటని యజమాని అడిగితే నా దగ్గర జవాబు లేదు. రెండు, 'ఎ' జాబితా నిలకడగా ఉండటం లేదు. కిందటి వారం 74 సరుకులుంటే ఈ వారం వాటిలో 23 మాయమై, వేరేవి వచ్చాయి. పోయిన వారం 192 పేజీల లాంగ్ నోట్‌బుక్ జాబితాలోంచి జారిపోయిందని ఆర్డరు ఆపాము. గురువారానికి గోడౌనులో ఒక్క కట్ట లేదు.

---

తిరుత్తణి శేఖర్ · సోమవారం, ఉదయం 11:15

తమ్ముడూ, నీ లెక్కలో మొదటి తప్పు అక్కడే కనిపిస్తోంది. 640లో 20 శాతం అంటే 128. ఎనభై శాతం డబ్బు 128 సరుకుల నుంచి రావాలి. నీకు 74 వచ్చాయంటే సూత్రం ఎక్కడో చెడిపోయింది. ఇంకో మాట, బిల్లు మీద ఉన్న మొత్తమే తీసుకో. పన్ను తీసేసి లెక్కలు వేస్తే బ్యాంకులో పడిన డబ్బుతో ఎప్పటికీ సరిపోదు.

---

శైలజ, పెరుంగుడి · సోమవారం, మధ్యాహ్నం 1:05

శేఖర్ గారూ, 74 రావడం తప్పు కాదండి. ఇరవై శాతం నుంచే ఎనభై శాతం అన్నది ఇటలీలో భూమి ఎవరి చేతుల్లో ఉందో చూసి పారెటో చెప్పిన సంగతి. మన కొట్టులో సరుకులు 128 దగ్గరే ఆగాలన్న కట్టుబాటు ఏదీ లేదు. ఒకరికి 11 శాతం సరుకులు, ఇంకొకరికి 35 శాతం సరుకులు ఎనభై తెస్తాయి. ఆ అంకె ఎంతో తెలుసుకోవడానికే కదా ఈ రిపోర్టు.

గుమస్తా గారూ, మీ 104 సంగతి చూద్దాం. జాబితా అట్టడుగున ఏముందో ఒకసారి చూసి చెప్పండి. మైనస్‌లో ఉన్న సరుకులు ఉన్నాయా? ఉంటే వాటన్నిటినీ ఒకచోట కూడి, ఎంతో రాయండి.

---

ఆండర్సన్ వీధి గుమస్తా · సోమవారం, మధ్యాహ్నం 2:30

ఉన్నాయండి. 31 సరుకులు మైనస్‌లో ఉన్నాయి. అన్నీ కలిపి మైనస్ 2,00,000. వాటిలో పెద్దది పుస్తకాలకు వేసే బ్రౌన్ అట్ట చుట్ట, మైనస్ 70,000. వారం మొత్తం నికరం 48,00,000.

---

కిరాణా రమణ · సోమవారం, మధ్యాహ్నం 2:50

నాకూ ఇదే బాధ. నా దగ్గర ఇరవై మంది చిల్లర దుకాణదారులే ఎనభై శాతం బాకీ ఉన్నారు. వాళ్లను అడిగితే వచ్చే సోమవారం అంటారు. ఈ రిపోర్టు పెడితే వసూలు అవుతుందా?

---

శైలజ, పెరుంగుడి · సోమవారం, సాయంత్రం 6:20

రమణ గారూ, మీది బాకీల లెక్క. వాటిని ఎన్ని రోజులుగా నిలిచాయో చూసి పేర్చాలి, ఇది పనికిరాదు. వేరే చర్చ మొదలుపెట్టండి, చాలామంది పలుకుతారు.

గుమస్తా గారూ, మీరిచ్చిన రెండు అంకెల్లోనే జవాబుంది. ప్లస్‌లో ఉన్న సరుకులన్నీ కలిపితే 50,00,000. మైనస్‌వి 2,00,000. మీ సూత్రం నికరమైన 48 లక్షలతో భాగిస్తోంది. పై నుంచి కూడుతూ వస్తే ప్లస్ సరుకులు అయిపోయేసరికి 50 లక్షలు చేరతాయి. 50ని 48తో భాగిస్తే 104.2. అక్కడి నుంచి మైనస్‌లు ఒక్కొక్కటిగా తగ్గిస్తూ 100కు దింపుతున్నాయి. ఎక్సెల్ చెప్పినట్టే చేసింది. మనం అడిగిన ప్రశ్నే సరిగ్గా లేదు.

దీనివల్ల నష్టం గీత అందంగా లేకపోవడం ఒక్కటే కాదు. 48 లక్షల్లో 80 శాతం అంటే 38,40,000. 50 లక్షల్లో అయితే 40,00,000. అంటే మీ 'ఎ' జాబితా 1,60,000 ముందుగానే తెగిపోతోంది. ఆ మధ్యలో ఎన్ని సరుకులున్నాయో లెక్కపెట్టి చూడండి. వాపసులు ఎక్కువైన వారంలో 'ఎ' జాబితా చిన్నదవుతుంది, ఆ సరుకుల తప్పేమీ లేకపోయినా.

వెంటనే చేయగలిగిన మరమ్మతు ఇది:

```
=IF(C2>0, SUM(C$2:C2)/SUMIF(C$2:C$641,">0"), "")
```

ప్లస్ సరుకులు సరిగ్గా 100 దగ్గర ముగుస్తాయి. మైనస్ సరుకుల పక్కన ఖాళీ ఉంటుంది. వాటిని మాయం చేయకండి, అదే కాగితంలో కింద విడిగా చూపించండి. యజమాని చూడవలసిన జాబితా ఒక్కోసారి అదే.

అసలు సంగతి ఇంకా ముందుంది. బ్రౌన్ అట్ట ఒక వారంలో మైనస్‌కు ఎందుకు పోయింది? అమ్మిందెప్పుడు, వెనక్కి వచ్చిందెప్పుడు?

---

ఆండర్సన్ వీధి గుమస్తా · సోమవారం, రాత్రి 9:10

మధ్యలో ఏడు సరుకులున్నాయండి. 74 కాస్తా 81 అయింది. లాంగ్ నోట్‌బుక్ వాటిలో ఒకటి!

బ్రౌన్ అట్ట మే, జూన్‌లలో అమ్మాము. ఇక్కడ బడులు జూన్‌లో తెరుస్తారు, అంతకుముందే దుకాణదారులు చుట్టలు చుట్టలుగా తీసుకుపోతారు. మిగిలినవి జులైలో వెనక్కి పంపుతారు.

---

పెరంబూరు పెద్దాయన · మంగళవారం, ఉదయం 7:30

నలభై ఏళ్లు ఖాతా పుస్తకాలు రాసి ఇప్పుడు ఇంట్లో కూర్చున్నవాణ్ణి. ఈ జబ్బు కంప్యూటర్లు రాకముందు నుంచీ ఉంది. జూన్ అమ్మకం జూన్‌లో రాసుకుని, దాని వాపసు జులై నెత్తిన వేస్తే జూన్ గొప్పగా, జులై దరిద్రంగా కనిపిస్తుంది. రెండూ అబద్ధమే.

వాపసును అసలు బిల్లు తేదీకి తీసుకుపోయి అక్కడ తగ్గించాలని ఎవరైనా చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ 2019 ఫిబ్రవరి 1 నుంచి అనేక బిల్లులకు కలిపి ఒకే క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చని జీఎస్టీ చట్టమే వీలు కల్పించింది. ఒక దుకాణదారుడు నాలుగు బిల్లుల్లో కొన్న చుట్టల్లోంచి పన్నెండు వెనక్కి పంపితే, ఏ చుట్ట ఏ బిల్లుదో నువ్వేమి చెబుతావు? ఆ పని పెట్టుకుంటే సోమవారం కాగితం బుధవారానికి కూడా తయారు కాదు. వారం లెక్క మానేసి కాస్త పొడుగాటి కాలం తీసుకో నాయనా. అమ్మకమూ వాపసూ ఒకే చాప మీద పడతాయి.

---

శైలజ, పెరుంగుడి · మంగళవారం, ఉదయం 9:45

పెద్దాయన మాటే నా మాట. ప్రతి వారం తాజా చేయడం వేరు, ఒక్క వారం అమ్మకాలనే చూడడం వేరు. ఈ రెండూ కలిసిపోవడం వల్లే మీ జాబితా గంతులు వేస్తోంది. ఒక దుకాణదారుడు నెలకోసారి కొనే సరుకు ఒక వారం కొండంత, మూడు వారాలు సున్నా. అది 'ఎ'లోకి రావడం, పోవడం అతను ఏ వారం లారీ పంపాడన్నదాన్ని బట్టి ఉంటుంది.

ప్రతి సోమవారం వెనక్కి 13 వారాల అమ్మకాలు తీసుకోండి. కొత్త వారం చేరుతుంది, పాతది ఒకటి రాలిపోతుంది. ఇందులో ఒక జాగ్రత్త చెప్పాలి. మొన్నటి ఫైలు కింద కొత్త వారాన్ని అతికించకండి. పాత తేదీ వేసి బిల్లు దిద్దడం, రద్దు చేయడం ప్రతి దుకాణంలోనూ ఉంటుంది. అతికించిన ఫైలుకు ఆ దిద్దుబాట్లు తెలియవు. 13 వారాలూ టాలీ నుంచి ప్రతిసారీ మళ్లీ దించండి. ప్లస్‌ల మొత్తంలోంచి మైనస్‌లు తీసేస్తే వచ్చేది, ఖాతాల్లో ఆ తేదీల మధ్య పన్ను లేని అమ్మకాలలోంచి క్రెడిట్ నోట్లు తీసేసిన మొత్తంతో రూపాయితో సహా సరిపోవాలి. ఈ సరిచూపు వరుస కాగితం పైనే ఉంచండి. సరిపోని రోజున రిపోర్టు ఇవ్వకండి.

---

తిరుత్తణి శేఖర్ · మంగళవారం, ఉదయం 10:20

పన్ను లేని మొత్తమే ఎందుకమ్మా? అన్నిటికీ పన్ను ఉంది కదా, వరుస ఏమీ మారదు.

---

శైలజ, పెరుంగుడి · మంగళవారం, ఉదయం 11:00

అన్నిటికీ ఒకే పన్ను అయితే మీరన్నట్టు మారదు. స్టేషనరీలో అలా కాదండి. 2025 సెప్టెంబరు 22న నోట్‌బుక్ మీద పన్ను 12 నుంచి సున్నా అయింది. ఎ4 కాగితం మీద 12 నుంచి 18కి పెరిగింది. బిల్లు మొత్తాలతో పేరిస్తే ఒకే ధరకు ఒకే సంఖ్యలో అమ్ముడైనా నోట్‌బుక్ కిందికి, ఎ4 పైకి పోతాయి. ఆ తేడా ప్రభుత్వానికి కట్టేది, దుకాణం సంపాదన కాదు.

---

చిక్కపేట వెంకట్ · మంగళవారం, మధ్యాహ్నం 12:40

బెంగళూరు నుంచి. మాది చీరల హోల్‌సేల్. 13 వారాలు అన్నారు కదా, మా వ్యాపారంలో ఒక డిజైను బతికేదే అంత. వరలక్ష్మీ వ్రతానికి తెచ్చిన రంగు దసరాకు ఎవరూ అడగరు. నేను రెండేళ్లు డిజైను నంబరువారీగా ఈ లెక్క వేయించాను. ప్రతిసారీ 'ఎ' జాబితాలో ఉన్నవన్నీ అయిపోయిన చీరలే! చివరికి డిజైను నంబరు వదిలేసి నేత, ధర తరగతి కలిపి ఒక పేరు పెట్టి, దానిమీద లెక్క వేశాము. అప్పుడు కొనుగోలుకు పనికొచ్చింది.

గుమస్తా గారూ, మీ దగ్గర ఒకే సరుకు రెండు పేర్లతో లేదు కదా? మా కుర్రాళ్లకు పాత పేరు దొరక్కపోతే కొత్తది తెరవడం అలవాటు.

---

ఆండర్సన్ వీధి గుమస్తా · మంగళవారం, సాయంత్రం 5:15

అడగడం మంచిదైంది. ఎ4 75 గ్రాముల కాగితం ఒకే కంపెనీది రీముగా ఒకచోట, పెట్టెగా ఇంకోచోట ఉంది. ఒకటి 9వ వరుసలో, రెండోది 61వ వరుసలో. పెట్టెకు 10 రీములు. సంఖ్యలు కలపకుండా రూపాయలు మాత్రమే కలిపాను, ఈ రిపోర్టుకు అది చాలు అనుకుంటున్నాను. ఇలాంటి జంటలు ఇంకో పద్నాలుగు దొరికాయి.

---

యశ్వంతపురం మాధవి · మంగళవారం, రాత్రి 8:50

శైలజ గారి సూత్రంలో ఒక చిన్న ముల్లు ఉంది. C$641 అని కట్టేశారు. వచ్చే వారం నాలుగు కొత్త సరుకులు చేరితే వరుసలు 645 దాకా పోతాయి. పెద్దవి పైన, చిన్నవి కింద పేర్చారు కాబట్టి చివర్లో ఉండేవి వాపసులే. సరిచూపు మొత్తం కూడా 641 దగ్గరే ఆగితే తప్పిపోయేవి సరిగ్గా అవే. అప్పుడు మీ మొత్తం ఖాతాల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. C నిలువు వరుసలో ఇంకేమీ లేకుండా చూసుకుని, SUMIF(C:C,">0") అని రాయండి.

గుమస్తా గారి పాత సూత్రానికి కూడా ఇది వర్తిస్తుంది. శాతం వంద దాటి, మళ్లీ వందకు దిగితే మైనస్ సరుకులున్నట్టు. దాటి, దిగుతూ వందకు కిందికి కూడా పోతే మాత్రం భాగించే మొత్తంలో కొన్ని వరుసలు తప్పాయేమో చూడాలి.

---

శైలజ, పెరుంగుడి · మంగళవారం, రాత్రి 9:05

ఒప్పుకుంటున్నాను. ఆయన గడులు చూసి తొందరలో అలాగే రాసేశాను.

---

తిరుత్తణి శేఖర్ · బుధవారం, ఉదయం 8:10

ఇంత చేశాక అసలు పని చేయండి. అడుగున ఉన్న మూడు వందల సరుకులు తీసిపారేయండి. గోడౌను అద్దె మిగులుతుంది.

---

యశ్వంతపురం మాధవి · బుధవారం, ఉదయం 9:30

శేఖర్ గారూ, కొన్ని తీసేయవలసినవే ఉంటాయి, కాదనను. కానీ ఈ కాగితం చూసి తీయకండి. నేను గోడౌను, కొనుగోళ్లు రెండూ చూస్తాను. దుకాణదారుడు ఎ4 కోసమే వస్తాడు, కానీ గుండుసూదులు, స్టాంపు ప్యాడు కూడా అదే బిల్లులో వేయించుకుంటాడు. అవి లేకపోతే పక్క కొట్టుకు పోయి, ఎ4 కూడా అక్కడే ఎత్తించుకుంటాడు. తీసేసే ముందు ఆ సరుకు ఎన్ని బిల్లుల్లో ఉందో, వాటిలో ఎన్నిటిలో 'ఎ' సరుకు కూడా ఉందో చూడండి. వచ్చిన డబ్బు వరుసలో అది కనిపించదు.

దీనికంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి. గుమస్తా గారు మొదట్లోనే చెప్పి వదిలేశారు, గురువారానికి నోట్‌బుక్ అయిపోయిందని. ఇప్పుడు ఆలోచించండి. సరుకు లేదు కాబట్టి అమ్మకం లేదు. అమ్మకం లేదు కాబట్టి వచ్చే సోమవారం ఇంకా కిందికి. కిందికి పోయింది కాబట్టి ఆర్డరు ఇంకా తక్కువ. రిపోర్టు తానే ఒక సరుకును చంపి, తరువాత అది చచ్చిపోయిందని మనకు చెబుతుంది. 13 వారాలు తీసుకుంటే ఇది నెమ్మదిస్తుంది, ఆగదు.

నేను ఒక నిలువు వరుస చేర్చుకున్నాను. ఆ కాలంలో గోడౌనులో నిల్వ సున్నాగా ఉన్న రోజులు ఎన్ని అని. ర్యాంకు పడిపోయిన సరుకు పక్కన ఆ అంకె పెద్దగా ఉంటే, అది గిరాకీ తగ్గినది కాదు, మనమే పెట్టుకోనిది.

---

పెరంబూరు పెద్దాయన · బుధవారం, ఉదయం 10:00

ఈ అమ్మాయి మాట గోడౌనులో రాసి పెట్టండి. మా రోజుల్లో 'అడిగారు, లేదు' అని ఒక పుస్తకం ఉండేది. కౌంటరు మీద కుర్రాడు రాసేవాడు. ఇప్పుడు అది ఎవరి దగ్గరా లేదు.

---

ఆండర్సన్ వీధి గుమస్తా · తరువాతి సోమవారం, ఉదయం 11:30

ఈ రోజు కొత్త కాగితం బల్ల మీద పెట్టాను. 13 వారాలు, పన్ను లేకుండా, జంటలు కలిపి. మొత్తం ఖాతాతో రూపాయితో సహా సరిపోయింది (మొదటిసారి 18,400 తేడా వచ్చింది, జూన్‌లో రద్దయిన ఒక బిల్లు పాత ఫైలులో అలాగే ఉండిపోయింది).

బ్రౌన్ అట్ట ఇప్పుడు మైనస్ కాదు. 6,20,000 అమ్మకం, 1,10,000 వాపసు, నికరం 5,10,000. కానీ అయిదో వంతుకు దగ్గరగా వెనక్కి వచ్చిందని ఒకే వరుసలో చూసేసరికి యజమాని కాసేపు మాట్లాడలేదు. మైనస్‌లో మూడు సరుకులే మిగిలాయి.

అదే పద్ధతిలో కిందటి వారానిది కూడా వేసి పోల్చాను. 'ఎ' జాబితాలో ఇటూ అటూ మారినవి అయిదు. వాటిలో మూడు సరిగ్గా గీత మీద ఉన్నవే.

మాధవి గారు చెప్పిన వరుస కూడా చేర్చాను. గ్లూ స్టిక్ చిన్నది 12వ స్థానం నుంచి 47కు పడిపోయింది. నిల్వ సున్నాగా ఉన్న రోజులు 19. దాన్ని ఎవరూ అడగడం లేదని మేమంతా అనుకుంటున్నాము.

---

శైలజ, పెరుంగుడి · సోమవారం, మధ్యాహ్నం 1:20

గీత మీద ఊగే ఆ మూడింటికి ఒక చిట్కా ఉంది. లోపలికి రావడానికి 80, బయటికి పోవడానికి 85 పెట్టండి. కిందటి వారం 'ఎ'లో ఉన్న సరుకు 85 దాటితేనే పోతుంది. దానికి కిందటి వారం అక్షరం పక్కన ఒక గడిలో దాచుకోవాలి.

---

చిక్కపేట వెంకట్ · సోమవారం, మధ్యాహ్నం 2:15

నాకు ఒక సందేహం తీరలేదు. మీ 13 వారాల్లో ఇప్పుడు బడుల సీజను అంతా ఉంది. సెప్టెంబరు చివరికి జూన్ రాలిపోతుంది. అప్పుడు నోట్‌బుక్కులు, అట్టలు అన్నీ అట్టడుగు జాబితా 'సి'కి పోతాయి. ఏప్రిల్‌లో మళ్లీ ఆర్డరు పెట్టవలసిన రోజున జాబితా వాటిని చూపించదు. 52 వారాలు తీసుకోవాలి కదా?

---

శైలజ, పెరుంగుడి · సోమవారం, మధ్యాహ్నం 3:00

52 తీసుకుంటే కొత్తగా పుంజుకున్న సరుకు పైకి రావడానికి నెలలు పడుతుంది. నేనైతే ఈ వారం ఆర్డరుకు 13 చూస్తాను. సీజనుకు ముందు మాత్రం కిందటి ఏడు అవే 13 వారాలది పక్కన పెడతాను.

---

పెరంబూరు పెద్దాయన · సోమవారం, సాయంత్రం 4:40

నేను 52 పక్షమే. హోల్‌సేల్‌వాడికి ఏడాదే లెక్క. ఈ విషయంలో శైలజతో కలవలేను.

---

ఆండర్సన్ వీధి గుమస్తా · సోమవారం, సాయంత్రం 6:30

రెండూ ఒకే కాగితంలో పక్కపక్కన వేసి చూస్తాను. స్థలం సరిపోతే.

యజమాని ఇంకో ప్రశ్న వేసి వెళ్లారు. ఎ4 కాగితం మొదటి వరుసలో ఉంది, కానీ రీముకు మిగిలేది చాలా తక్కువ. లాభంతో పేరిస్తే ఎలా ఉంటుందని. మిల్లువాళ్లు ఏడాది చివర ఇచ్చే రాయితీని ఏ వారానికి, ఏ సరుకుకు వేయాలో తెలియక ఆగాను. ఎవరైనా చేసి ఉంటే చెప్పండి. గ్లూ స్టిక్ నలభై పెట్టెలు చెప్పాము, బుధవారం వస్తాయి.